బెడ్‌సోర్ స్వాబ్ రిపోర్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పక్షవాతం వచ్చో, తుంటి ఎముక విరిగో, మతిమరుపు జబ్బు ముదిరో మంచం పట్టిన పెద్దవాళ్లను హైదరాబాద్‌లో చాలా కుటుంబాలు ఇంట్లోనే ఉంచి చూసుకుంటున్నాయి. పగలొక అటెండెంట్, రెండు రోజులకోసారి డ్రెస్సింగ్‌కి నర్సు, ఫోన్ చేస్తే ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ల్యాబ్ ఇప్పుడు మామూలు ఏర్పాట్లే. ఒకేచోట ఒత్తిడి పడి నడుం కింద పుండు, అంటే బెడ్‌సోర్, పడినప్పుడు, అది వాసన వస్తున్నప్పుడు, ఎవరో ఒకరు 'ఒకసారి స్వాబ్ కల్చర్ చేయించండి' అంటారు. అంటే పుండు మీద దూది పుల్ల తిప్పి, దానికి అంటిన బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూడటం. రెండు మూడు రోజులకు రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. అందులో రెండు బ్యాక్టీరియా పేర్లు, వాటి కింద ఇరవై మందుల పట్టిక, సగానికి పైగా మందుల పక్కన 'రెసిస్టెంట్', అంటే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగదు, అని ఉంటాయి. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. రిపోర్టులో పనిచేస్తుందని రాసిన మందు ఏదో ఒక ఇంజెక్షనే అయి ఉంటుంది కాబట్టి, మర్నాటి నుంచి దాన్ని ఎక్కించడం మొదలుపెడతారు.

ఈ వరుసలో ఒక మెట్టు తప్పిపోయింది. పుండులో ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్నది ఎవరూ తేల్చలేదు. స్వాబ్ రిపోర్టు ఆ సంగతి తేల్చిందని అందరూ అనుకున్నారు. నిజానికి అది తేల్చలేదు, తేల్చే శక్తి దానికి లేదు కూడా.

చర్మం తెరుచుకుని వారాలు గడిచిన ఏ పుండులోనైనా బ్యాక్టీరియా ఉంటుంది. అందులోనూ నడుం కింది పుండు మలద్వారానికి జానెడు దూరంలో ఉంటుంది. డైపర్, చెమట, మూత్రం, మలం అన్నీ అక్కడే. అలాంటి చోట ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్, సూడోమోనాస్ కనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆసుపత్రిలో ఐసీయూలో ఉండి వచ్చిన మనిషైతే అసినెటోబ్యాక్టర్ కూడా తోడవుతుంది. ఇవి పుండు ఉపరితలం మీద, ముఖ్యంగా చచ్చిన కణజాలం మీద, జిగురు పొర కట్టుకుని కాపురం ఉంటాయి. చుట్టూ ఉన్న బతికిన కణజాలంలోకి చొరబడి దాన్ని పాడుచేయడం మొదలుపెట్టినప్పుడే దాన్ని ఇన్ఫెక్షన్ అంటాం. పైన కాపురం ఉన్న బ్యాక్టీరియాకీ, లోపలికి చొరబడిన బ్యాక్టీరియాకీ ల్యాబ్ ప్లేటు మీద తేడా కనిపించదు. రెండూ ఒకేలా పెరుగుతాయి, రెండింటికీ ఒకే రకం రిపోర్టు వస్తుంది. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూసి లోపలి గదిలో ఎవరున్నారో చెప్పడం ఎలాంటిదో, పైపైన తీసిన స్వాబ్ చూసి లోతులో ఏముందో చెప్పడం అలాంటిదే.

రిపోర్టులో మనిషిని భయపెట్టే మాటలు ఇంకో రెండున్నాయి. ఒకటి 'చీము కణాలు కనిపించాయి' అన్న వాక్యం. అవి తెల్ల రక్తకణాలు. మానుతున్న పుండులో చచ్చిన కణజాలాన్ని శుభ్రం చేయడానికి అవి వస్తూనే ఉంటాయి కాబట్టి వాటిని చూసి మాత్రమే ఇన్ఫెక్షన్ అనలేం. రెండోది మందుల పట్టిక. ఒక మందు పక్కన 'సెన్సిటివ్' అని ఉంటే, ఆ బ్యాక్టీరియాని చంపాల్సిన అవసరం ఉన్నప్పుడు ఆ మందు పనిచేస్తుందని మాత్రమే అర్థం. చంపాల్సిన అవసరం ఉందో లేదో ఆ గడి చెప్పదు. అలాగే 'రెసిస్టెంట్' అన్న మాటలు ఎక్కువైతే జబ్బు ఎక్కువైందని కాదు. మొండి బ్యాక్టీరియా కూడా పుండు మీద నెలల తరబడి ఊరికే ఉండగలదు.

అయితే ఇన్ఫెక్షన్‌ని ఎక్కడ తేల్చాలి? మంచం పక్కనే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2014లో బెడ్‌సోర్ల గురించి ఇచ్చిన సూచనల్లో నోటి ద్వారా గానీ, రక్తంలోకి గానీ యాంటీబయాటిక్ ఇవ్వడానికి మూడే సందర్భాలు చెప్పింది: ఇన్ఫెక్షన్ ఒంటికంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్, పుండు చుట్టూ చర్మంలో వ్యాపిస్తున్న సెల్యులైటిస్, పుండు కింది ఎముకకు పట్టిన ఇన్ఫెక్షన్. లక్షణాలేవీ లేకుండా కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించిందన్న ఒక్క కారణంతో ఈ మందులు ఇవ్వొద్దని కూడా విడిగా చెప్పింది. ఈ మూడింటిలో మొదటి రెండిటినీ కంటితో, చేత్తో, థర్మామీటర్‌తో, బీపీ మిషన్‌తో గుర్తించవచ్చు. స్వాబ్ పుల్లతో గుర్తించలేం.

సెల్యులైటిస్ అంటే పుండు అంచు దాటి చుట్టూ ఉన్న చర్మం వేడెక్కి, ఎర్రబడి, గట్టిపడి, ఆ మార్పు రోజురోజుకీ బయటికి పాకడం. అంచు చుట్టూ అర సెంటీమీటరు మేర సన్నటి ఎరుపు మానుతున్న పుండుకీ ఉంటుంది. రెండు సెంటీమీటర్లు దాటితే, అందులోనూ పెరుగుతుంటే, అనుమానించాలి. పెరుగుతోందో లేదో తెలియాలంటే ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ, టైము రాసిపెట్టడం కన్నా మంచి పద్ధతి లేదు. మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. నల్లటి, చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు. ఆ చోటు ఊదాగానో, చుట్టుపక్కల కన్నా నల్లగానో కనిపిస్తుంది. అందుకని చేతి వెనక భాగం ఆనించి వేడి చూడాలి, వేలితో నొక్కి గట్టితనం చూడాలి, దూరంగా ఉన్న మంచి చర్మంతో పోల్చాలి. ఆ పక్క స్పర్శ పోయిన పేషెంట్ అయితే నొప్పి చెప్పలేరు. బాగా ముసలివాళ్లకీ, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకీ జ్వరం కూడా రాకపోవచ్చు. నిన్నటిదాకా మాట్లాడిన మనిషి ఇవాళ మగతగా ఉండటం, అన్నం వద్దనడం, నాడి వేగంగా కొట్టుకోవడం, మూత్రం తగ్గడం లాంటివి వాళ్లలో జ్వరం కన్నా ముందే కనబడొచ్చు.

ఇక్కడ తరచూ పొరపాటు పడే రెండు విషయాలు చెప్పాలి. పుండు అడుగున పసుపు పచ్చగా అతుక్కుని కనిపించేదాన్ని అందరూ చీము అంటారు. చాలాసార్లు అది చీము కాదు, స్లఫ్ అనే చచ్చిన కణజాలం. గాజుగుడ్డతో తుడిస్తే చీము వచ్చేస్తుంది, స్లఫ్ రాదు. రెండోది వాసన. రెండు రోజులు మూసి ఉన్న డ్రెస్సింగ్ విప్పగానే వచ్చే వాసనకి విలువ లేదు. సెలైన్‌తో పుండును బాగా కడిగాక, పాత గుడ్డలు గదిలోంచి తీసేశాక కూడా కుళ్లు వాసన ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి.

మల్కాజిగిరిలో ఒక ఇల్లు ఊహించుకుందాం. డెబ్బై ఏళ్ల పెద్దావిడ. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది, షుగర్ ఉంది. నడుం కింద ఐదు సెంటీమీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, ఒకటిన్నర లోతున్న పుండు. చర్మం దాటి కొవ్వు పొర దాకా వెళ్లింది, ఎముక కనిపించడం లేదు. కాబట్టి ఇది మూడో స్టేజి. ల్యాబ్ నుంచి వచ్చిన కుర్రాడు విప్పిన డ్రెస్సింగ్ కింద తడిగా ఉన్నచోట పుల్ల తిప్పి తీసుకెళ్లాడు. సూడోమోనాస్, క్లెబ్సియెల్లా పెరిగాయి. రిపోర్టు ఫోన్‌లో పంపితే, మనిషిని చూడకుండానే పది రోజులు మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఖరారైంది. రోజుకి మూడు ఇంజెక్షన్లు, ఇంటికి నర్సు.

ఎనిమిదో రోజున విరేచనాలు పట్టుకున్నాయి. పేగుల్లో మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతే ఇలా జరుగుతుంది. కొన్నిసార్లు క్లాస్ట్రిడియాయిడెస్ డిఫిసైల్ అనే బ్యాక్టీరియా అదను చూసి పెరిగి, విరేచనాలు ప్రాణం మీదికి తెస్తాయి. నడుం కింద పుండున్న మనిషికి రోజుకి ఏడెనిమిది సార్లు విరేచనం అవుతుంటే ఏ డ్రెస్సింగూ నిలవదు. పది రోజులయ్యాక పుండు ఎంత ఉండేదో అంతే ఉంది. రక్తం సరిగా అందని చచ్చిన కణజాలంలోకి రక్తం ద్వారా వెళ్లే మందు చేరదు కాబట్టి ఇందులో వింత లేదు. మళ్లీ స్వాబ్ తీశారు. ఈసారి అసినెటోబ్యాక్టర్ వచ్చింది, పట్టికలో కొలిస్టిన్, టైగెసైక్లిన్ తప్ప అన్నీ రెసిస్టెంట్. మొదటి మందు రెండు బ్యాక్టీరియాలను తగ్గించింది, ఖాళీ అయిన చోట్లోకి దానికి లొంగనిది వచ్చి చేరింది. కుటుంబానికి మాత్రం జబ్బు ముదిరినట్టు కనిపించింది.

ఇప్పుడు కొలిస్టిన్ మాట వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది. మెరోపెనెమ్ జాగ్రత్తగా వాడాల్సిన రెండో గుంపులో ఉంది. కొలిస్టిన్ మరేదీ పనిచేయనప్పటి కోసం దాచుకోవాల్సిన చివరి గుంపులో ఉంది. పైగా అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఈ పెద్దావిడకి ఇప్పటికే 1.4, అంటే ఉండాల్సిన దానికన్నా ఎక్కువ.

ఈ దశలో ఒక డాక్టర్ ఇంటికొచ్చి మనిషిని చూశారనుకుందాం. జ్వరం లేదు, నాడి 84, బీపీ మామూలు. రోజూలాగే తింటున్నారు, మాట్లాడుతున్నారు. పుండు చుట్టూ చర్మం చల్లగా, మెత్తగా ఉంది. అడుగున సగం మేర స్లఫ్. కడిగాక వాసన పోయింది. 'డాక్టర్ గారూ, రిపోర్టులో ఇంత మొండి బ్యాక్టీరియా ఉంటే మందు వద్దంటారేంటి?' అని కొడుకు అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు, చికిత్స లేకుండా వదిలేయడం లేదు, మందు చేరని చోట చేత్తో పని చేయాలి అని.

ఆ పని ఇది. స్లఫ్‌ని కత్తెర, బ్లేడుతో కొంచెం కొంచెంగా తీసేయడం. దీన్నే డిబ్రైడ్‌మెంట్ అంటారు. బ్యాక్టీరియా కాపురం ఉండే ఇల్లే పోతుంది కాబట్టి, జిగురు పొర మళ్లీ కట్టుకోకముందే రెండు వారాల పాటు పాలీహెక్సనైడ్, సిల్వర్, కాడెక్సోమర్ అయోడిన్ లాంటి యాంటిసెప్టిక్ ఉన్న డ్రెస్సింగ్ ఏదో ఒకటి వాడటం, రెండు వారాల తర్వాత ఇంకా అవసరమా అని మళ్లీ చూడటం. డ్రెస్సింగ్ మీద ఆకుపచ్చ రంగు పడుతుంటే అది సూడోమోనాస్ రంగు. దానికి బాగా పలచన చేసిన ఎసిటిక్ యాసిడ్ తడి గుడ్డలు కొన్ని రోజులు పెట్టడం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు, పౌడర్లు పుండులో నింపడం వల్ల మాత్రం లాభం కన్నా రెసిస్టెన్స్ ఎక్కువ పెరుగుతుంది.

ఒత్తిడి తీయకుండా ఇవన్నీ చేసినా వృథాయే. ఆ ఇంట్లో ఎయిర్ బెడ్ ఉంది, మోటారు కూడా నడుస్తోంది. కానీ నడుం కిందుగా, ఎయిర్ బెడ్ అడుగున అరచెయ్యి పెట్టి చూస్తే ఆవిడ ఎముక చేతికి తగులుతోంది. అంటే గాలి చాలడం లేదు, ఆవిడ కింద ఉన్న గట్టి మంచం మీదే పడుకున్నట్టు లెక్క. కనీసం రెండున్నర సెంటీమీటర్ల మందం గాలి మిగలాలి. ఇంకోటి, టీవీ కనిపించాలని మంచం తల వైపు పగలంతా బాగా ఎత్తి ఉంచుతున్నారు. మనిషి కిందికి జారుతుంటే చర్మం పరుపుకి అతుక్కుని ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం జారుతుంది, మధ్యలో రక్తనాళాలు మెలిపడతాయి. అన్నం పెట్టేటప్పుడూ, ఆ తర్వాత కాసేపూ ఎత్తి ఉంచి, మిగతా సమయం ముప్పై డిగ్రీలకు మించకుండా చూడాలి. పక్కకి తిప్పేటప్పుడు కూడా పూర్తిగా ఒత్తిగిల్లేలా కాకుండా వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలు ఒరిగిస్తే తుంటి ఎముక మీద కొత్త పుండు పడే ప్రమాదం తగ్గుతుంది. ఈ మార్పులతో మూడో వారానికి స్లఫ్ తగ్గి, అడుగున ఎర్రటి కండ కనిపించడం మొదలైంది. అసినెటోబ్యాక్టర్ ఎక్కడికి పోయిందో ఎవరూ వెతకలేదు. వెతకనక్కర్లేదు.

కథ అక్కడితో ఆగితే యాంటీబయాటిక్ అసలే వద్దన్న అర్థం వస్తుంది. అది కూడా ప్రమాదమే. రెండు నెలల తర్వాత ఒక వారం అటెండెంట్ రాలేదు, తిప్పడం తగ్గింది. ఒక రోజు ఉదయం 102 జ్వరం, వణుకు. నాడి 118, బీపీ 96/60. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నారు. పుండు ఎడమ పక్కన చర్మం నాలుగు సెంటీమీటర్ల మేర వేడిగా, గట్టిగా ఉంది. అక్కడ నొక్కితే అంచు కింద దాగి ఉన్న సందులోంచి చీము వస్తోంది. ఇది సెప్సిస్. ఇలాంటప్పుడు ఇంటికి శాంపిల్ కుర్రాడిని పిలిచి మూడు రోజులు రిపోర్టు కోసం చూడకూడదు, అంబులెన్సు పిలవాలి. నొక్కితే చర్మం కింద కరకరమన్నా, చర్మం నల్లబడి బొబ్బలు లేస్తున్నా గంటలు కూడా ఆగకూడదు, సర్జన్ వెంటనే కోయాల్సి ఉంటుంది.

ఎమర్జెన్సీలో వరుస ఇలా ఉండాలి. యాంటీబయాటిక్ వేయడానికి ముందే రెండు వేర్వేరు నరాల నుంచి రక్తం కల్చర్‌కి తీయాలి. మూత్రం, ఛాతీ ఎక్స్‌రే కూడా చూడాలి, ఎందుకంటే మంచాన ఉన్న మనిషికి జ్వరం వస్తే పుండు ఎదురుగా కనిపిస్తోంది కదా అని దాని మీదే నెపం వేస్తారు కానీ, యూరిన్ పైపు వల్లో, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్లో జ్వరం రావడం చాలా మామూలు. తర్వాత ఆలస్యం చేయకుండా, బీపీ పడిపోతుంటే గంటలోపే, పేగు బ్యాక్టీరియాకీ, గాలి లేకుండా పెరిగే ఎనరోబ్‌లకీ కూడా పనిచేసే మందు మొదలుపెట్టాలి. చీము సందును తెరిచి, చచ్చిన కండ తీసేసి, శుభ్రం చేశాక అడుగున మిగిలిన కణజాలం ముక్క ఒకటి కల్చర్‌కి పంపాలి. ఎనరోబ్‌లు మామూలు స్వాబ్‌లో దాదాపు ఎప్పుడూ పెరగవు, అందుకే ముక్క కావాలి.

ఈ పెద్దావిడ రక్తంలోనూ, లోతు ముక్కలోనూ ప్రోటియస్ మిరాబిలిస్ పెరిగింది. మామూలు అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కే లొంగే రకం. పాత స్వాబ్‌లో దీని పేరే లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ప్రోటియస్‌కి కొలిస్టిన్ పుట్టుకతోనే పనిచేయదు. పాత రిపోర్టు నమ్మి కొలిస్టిన్ ఒక్కటే మొదలుపెట్టి ఉంటే కిడ్నీలు దెబ్బతినేవి, రక్తంలో ఉన్న బ్యాక్టీరియాకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. మూడో రోజున కల్చర్ చూసి పెద్ద మందు ఆపి చిన్న మందుకు మార్చారు. జ్వరం తగ్గి, చుట్టూ గట్టితనం పోయాక, మొత్తం పది రోజులకు అదీ ఆపేశారు. పుండు అప్పటికి ఇంకా తెరిచే ఉంది. మందు ఇచ్చింది సెప్సిస్‌కీ సెల్యులైటిస్‌కీ కానీ పుండు పూడటానికి కాదు కాబట్టి, పుండు మానేదాకా దాన్ని సాగదీయాల్సిన పని లేదు. తగ్గిందో లేదో చూద్దామని ఇంకో స్వాబ్ పంపాల్సిన పని అంతకన్నా లేదు. పంపితే మళ్లీ ఏదో ఒకటి పెరుగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్ఫెక్షన్ ఉందని మనిషిని చూసి తేల్చుకున్నాక, కణజాలం ముక్క తీసే వీలు లేనప్పుడు, స్వాబ్‌కి విలువ వస్తుంది. అప్పుడైనా తీసే పద్ధతి ముఖ్యం. ముందు సెలైన్‌తో పుండును బాగా కడగాలి, యాంటిసెప్టిక్‌తో కాదు. చీము, స్లఫ్ లేని, ఎర్రగా బతికున్న కండ మీద ఒక చదరపు సెంటీమీటరు చోటు ఎంచుకుని, లోపలి తేమ పుల్లకి అంటేంత గట్టిగా నొక్కుతూ ఐదు సెకన్ల పాటు తిప్పాలి. దీన్ని లెవీన్ పద్ధతి అంటారు. ఇప్పటికే ఏ యాంటీబయాటిక్ వాడుతున్నారో, పుండు ఎక్కడుందో, ఏ లక్షణాలున్నాయో ఫారం మీద రాయాలి. ఇది నర్సుకో, శాంపిల్ తీసే కుర్రాడికో ఐదు నిమిషాల్లో నేర్పించగలిగిన పని. నేర్పించకపోవడం వల్ల చాలా శాంపిళ్లు పాత డ్రెస్సింగ్ తడి మాత్రమే మోసుకెళ్తున్నాయి.

మూడో సందర్భం ఎముక. పుండు నాలుగో స్టేజికి వెళ్లి అడుగున ఎముక తగులుతుంటే, నెలలైనా మానకుండా ఒకేచోట చీము కారుతుంటే ఎముక ఇన్ఫెక్షన్‌ని అనుమానించాలి. ఇక్కడ స్వాబ్ మరీ ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. పైన పెరిగేదీ ఎముకలో ఉన్నదీ తరచూ వేరు. ఎమ్మారై ఉపయోగపడుతుంది కానీ, నెలల తరబడి ఒత్తిడికే ఎముకలో వాపు వస్తుంది కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మలేం. ఖాయంగా తెలియాలంటే ఎముక ముక్క తీసి, సగం కల్చర్‌కి, సగం మైక్రోస్కోపు కింద చూడటానికి పంపాలి. మనిషి స్థిమితంగా ఉంటే ఆ పరీక్షకి ముందు కనీసం వారం, రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపి ఉంచితే ఫలితం సరిగా వస్తుంది.

అది ఖాయమయ్యాక కూడా ఆరు వారాల మందు రాసేయడంతో పని అయిపోదు. చెడిన ఎముకను తీసేసి, ప్లాస్టిక్ సర్జన్ పక్కనున్న కండను జరిపి పుండును మూయగలిగితే ఆ ఆరు వారాల మందుకి అర్థం ఉంది. నిమ్స్, ఉస్మానియా, గాంధీ లాంటి పెద్ద ఆసుపత్రుల్లోని ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో ఒకసారి చూపించి, ఆపరేషన్ తట్టుకునే శక్తి ఉందా, షుగర్, ఒంట్లో ప్రొటీన్ దానికి సరిపోతాయా, ఇంటికెళ్లాక ఒత్తిడి లేకుండా చూసుకునే మనుషులున్నారా అని తేల్చుకోవాలి. మూసే అవకాశం లేని మనిషికి ఎముక గాలికి తెరిచే ఉంటుంది, బ్యాక్టీరియా రోజూ చేరుతూనే ఉంటుంది. అలాంటివాళ్లకి నెలల తరబడి మందు ఇచ్చినా ఎముక బాగుపడదు, విరేచనాలూ కిడ్నీ సమస్యలూ మిగులుతాయి. వాళ్ల విషయంలో డాక్టరూ కుటుంబమూ కూర్చుని, పుండును శుభ్రంగా, నొప్పి లేకుండా ఉంచడమే రోజువారీ చికిత్సగా పెట్టుకోవచ్చు. జ్వరమో, పాకుతున్న ఎరుపో, మగతో కనిపించినప్పుడు మాత్రం ఆ దఫాకి సరిపడా యాంటీబయాటిక్ ఇచ్చి, అది తగ్గగానే ఆపేయాలి.